పదికీ పదివేలకీ మధ్య

2006 సెప్టెంబర్ 16, శనివారం. అమెరికాలోని ఇండియానాపోలిస్ నగరంలో మెథడిస్ట్ ఆసుపత్రి. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల్ని ఉంచే వార్డులో నర్సులు రోజూ చేసే పనే చేస్తున్నారు. బిడ్డ రక్తనాళంలో పెట్టిన సన్నటి గొట్టం మూసుకుపోకుండా దాంట్లోకి కొద్దిగా హెపారిన్ ఎక్కిస్తున్నారు. నెత్తురు గడ్డకట్టకుండా ఆపే మందు అది. పసిపిల్లల గొట్టాలు శుభ్రం చేయడానికి వాడే వయల్‌లో మిల్లీలీటరుకు 10 యూనిట్ల మందు ఉంటుంది. ఆ రోజు డ్రాయర్‌లో ఉన్నవి మాత్రం మిల్లీలీటరుకు 10,000 యూనిట్లవి, పెద్దవాళ్లకు వాడేవి. ఆరుగురు బిడ్డలకు వెయ్యి రెట్లు ఎక్కువ గాఢత ఉన్న మందు వెళ్లింది. ముగ్గురు చనిపోయారు.

వార్డులోని మందుల అల్మారాలో వాటిని పెట్టింది ఫార్మసీ టెక్నీషియన్. స్టోరులో ఒక రకం తీయబోయి ఇంకో రకం తీశారు. రెండూ ఒకే కంపెనీవి, బాక్స్టర్ తయారుచేసినవి. రెండూ బొటనవేలంత చిన్న సీసాలు. రెండింటి లేబుళ్లూ నీలం రంగే. ఒకటి కాస్త లేత, ఒకటి కాస్త ముదురు.

ఇలాంటి వార్త చదివినప్పుడు ఎవరికైనా ముందు వచ్చే మాట ఒకటే: లేబుల్ చదువుకోలేదా? న్యాయమైన ప్రశ్నే. లేబుల్ చదవాలన్న నియమం టెక్నీషియన్‌కూ ఉంది, నర్సులకూ ఉంది. ఎవరో ఒకరిని ఇంటికి పంపించేస్తే పత్రికలు శాంతిస్తాయి, లాయర్లు శాంతించకపోయినా. ఆ ఆసుపత్రి యాజమాన్యం అలా చేయలేదు. ఇది సంస్థ మొత్తం వైఫల్యమని బహిరంగంగా ఒప్పుకుంది. ఆ ఉద్యోగులకు కొన్నాళ్లు సెలవిచ్చి, కౌన్సెలింగ్ ఇప్పించింది. బిడ్డల తల్లిదండ్రులకు ఇది మింగుడుపడే విషయం కాదు. అయినా ఆసుపత్రి ఆ దారి ఎందుకు పట్టిందో తెలియాలంటే ఆ సీసా నడిచిన దారి వెంట మనమూ ఒకసారి నడవాలి.

పెద్దాసుపత్రుల వార్డుల్లో ఇప్పుడు మందులు కంప్యూటర్‌కు కలిపిన అల్మారాల్లో ఉంటున్నాయి. నర్సు తెరమీద రోగి పేరు, మందు పేరు నొక్కితే ఆ మందు ఉన్న డ్రాయరే తెరుచుకుంటుంది. చూడ్డానికి ఎంతో భద్రమైన ఏర్పాటు. కానీ ఏ డ్రాయర్ తెరవాలో మాత్రమే ఆ యంత్రానికి తెలుసు, అందులో నిజంగా ఏముందో తెలియదు. నింపిన మనిషి పొరపాటు పడితే ఆ పొరపాటు మీద కంప్యూటర్ ముద్ర పడుతుంది. ఇక నర్సు సంగతి. పాతికేళ్లుగా వంట చేస్తున్న చెయ్యి పోపులపెట్టెలో ఆవాల గిన్నెను చూసి తీయదు, దాని చోటుకు అలవాటుగా వెళ్తుంది. ఆ డ్రాయర్ దగ్గర నర్సు చెయ్యి కూడా అంతే. వందసార్లు తెరిస్తే వందసార్లూ అందులో పది యూనిట్ల సీసాయే ఉంది. నూట ఒకటోసారి లేబుల్ మీద కన్ను పడినా కనిపించేది ఉన్న అంకె కాదు, ఉంటుందనుకున్న అంకె. మనస్తత్వ శాస్త్రం ఎప్పటినుంచో చెబుతున్న సంగతే ఇది. ఎంత బాగా అలవాటైన పని అయితే ఈ ప్రమాదం అంత ఎక్కువ. కొత్తగా చేరిన అమ్మాయి భయంతో ప్రతి అక్షరం చదువుతుంది, సీనియర్ సిస్టర్ చదవదు.

ఒక నర్సు పొరబడితే ఆమె తప్పనుకోవచ్చు. ఆరుగురు బిడ్డల దగ్గరకు అదే మందు అలా వెళ్లిందంటే, తప్పును పట్టుకోవాల్సిన వల ఎక్కడో పూర్తిగా చిరిగిందని అర్థం. ఆ చిరుగు ఎక్కడుందో వెతికే పద్ధతినే ఆసుపత్రుల్లో ‘రూట్ కాజ్ అనాలిసిస్’ అంటారు. మనవాళ్లు పొట్టిగా ఆర్.సి.ఏ. అనేస్తారు. మూలకారణ సమీక్ష అనుకుందాం.

ఈ సమీక్ష పోలీసు విచారణలా సాగదు, సాగకూడదు కూడా. బృందంలో నలుగురైదుగురు ఉంటారు: ఒక ఫార్మసిస్టు, ఒక నర్సు, ఒక డాక్టరు, నాణ్యతా విభాగం నుంచి ఒకరు. ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లను బృందంలో కూర్చోబెట్టరు, వాళ్లతో విడిగా మాట్లాడతారు. ఎందుకు చేశావని కాకుండా, ఆ సమయంలో నీకు ఏం కనిపించింది, ఏం అనుకున్నావు, మామూలుగా ఈ పని ఎలా చేస్తారు అని అడుగుతారు. ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబే చాలాసార్లు అసలు కథ విప్పుతుంది. రాతపుస్తకంలో ఇద్దరు సంతకం చేయాలని ఉంటుంది. రాత్రి డ్యూటీలో ఒక్కరే ఉంటారు కాబట్టి పొద్దున వచ్చినవాళ్లు రెండో సంతకం పెడుతుంటారు. అందరికీ తెలుసు, ఎక్కడా రాసి ఉండదు.

బృందం ఆ చోటుకు వెళ్లి నిలబడి చూడాలి. అర ఎంత ఎత్తున ఉంది, లైటు ఎలా పడుతోంది, అక్షరక్రమంలో సర్దడం వల్ల ఏ రెండు సీసాలు పక్కపక్కన చేరాయి, ఇండెంట్ తీసుకెళ్లే మనిషిని ఆ పది నిమిషాల్లో ఎన్ని ఫోన్లు పిలిచాయి. ఇవేవీ గదిలో కూర్చుంటే తెలియవు. తర్వాత నిమిషాల వారీగా జరిగినదంతా వరసగా రాస్తారు. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ ఇలాంటి ఘోరం జరిగితే 45 పనిదినాల్లో సమీక్ష ముగించాలంటుంది. మాటల మీద కూడా ఒక కట్టడి ఉంది. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల వ్యవస్థ దీన్ని బాగా పాటిస్తుంది: కారణం రాసేటప్పుడు ‘అజాగ్రత్త’, ‘నిర్లక్ష్యం’ లాంటి తిట్ల మాటలు రాయకూడదు. మర్యాద కోసం పెట్టిన నియమం కాదిది. ‘అజాగ్రత్త’ అని రాయగానే ఆలోచన అక్కడ ఆగిపోతుంది. ‘రెండు గాఢతల సీసాలు ఒకే అరలో, ఒకే రంగులో ఉండడం వల్ల ఒకటి తీయబోయి ఇంకొకటి తీసే అవకాశం పెరిగింది’ అని రాస్తే, తర్వాత ఏం చేయాలో ఆ వాక్యమే చెబుతుంది.

హెపారిన్ కథలో ప్రశ్నల్ని ఇలా తవ్వుకుంటూ పోవచ్చు. డ్రాయర్‌లోకి వేరే సీసా ఎందుకు వచ్చింది? స్టోరులో పొరపాటున తీశారు కాబట్టి. తీసినదాన్ని ఇంకెవరూ ఎందుకు పట్టుకోలేదు? సీసా మీది బార్‌కోడ్‌ను యంత్రంతో చదివించి సరిచూసే మెట్టు లేక, కంటిచూపు మీదే ఆధారపడ్డారు కాబట్టి. రెండు సీసాలూ అంత దగ్గరగా ఎందుకున్నాయి? ఫార్మసీ రెండూ కొంటోంది కాబట్టి. మిల్లీలీటరుకు పదివేల యూనిట్ల సీసా వార్డులకు సరుకు పంపే అరల్లో ఉండాల్సిన అవసరం ఏమిటి? ఇక్కడికి వచ్చేసరికి చాలా ఆసుపత్రుల్లో గదిలో ఒక్క క్షణం మౌనం. ఎప్పటినుంచో ఉంది, అంతే. ఇంకో మెట్టు దిగితే మరో ప్రశ్న: చేతి నరంలో పెట్టిన మామూలు సూదిగొట్టం మూసుకుపోకుండా ఉంచడానికి హెపారిన్ కావాలా, ఉత్త సెలైన్ చాలదా? పెద్దవాళ్ల విషయంలో సెలైన్ చాలునని చాలా చోట్ల తేలింది. పసికందుల్లో, పెద్ద రక్తనాళాల్లో పెట్టే గొట్టాలకు హెపారిన్ అవసరం కొంత మిగిలే ఉంది. అయినా అవసరం లేని చోట మందునే తీసేస్తే, దాంతో వచ్చే పొరపాటు కూడా పుట్టదు.

సమీక్ష చివర రాసే పరిష్కారాల్లోనే అసలు తేడా బయటపడుతుంది. ఈ రంగంలో పనిచేసేవాళ్లు వాటిని బలమైనవి, మధ్యరకం, బలహీనమైనవి అని విడదీస్తారు. ‘సిబ్బందికి మళ్లీ శిక్షణ ఇవ్వాలి’, ‘జాగ్రత్తగా ఉండాలని సర్క్యులర్ పంపాలి’ అనేవి అన్నిటికంటే బలహీనమైనవి, అన్నిటికంటే ఎక్కువగా రాసేవీ అవే. ఖర్చు లేదు, రేపే ఫైలు మూసేయవచ్చు. ఇద్దరు విడివిడిగా సరిచూడడం, రంగు స్టిక్కర్లు అంటించడం మధ్యరకం. ఇండియానాపోలిస్ ఆసుపత్రి పసిపిల్లల వార్డుల్లో నెత్తురు పలచబరిచే మందులకు ఇద్దరు నర్సులు సరిచూడాలని నియమం తెచ్చింది. మంచిదే. కానీ ‘విడివిడిగా’ అన్న మాట మీదే దాని బలమంతా ఉంది. మొదటివాళ్లు సీసా చూపిస్తూ “ఇది పది యూనిట్లదే కదా?” అంటే రెండోవాళ్లు తలూపుతారు. అది సరిచూడడం కాదు, సాక్ష్యం చెప్పడం. సీసా మాత్రమే చేతికిచ్చి ఏముందో చదివి చెప్పమనాలి.

బలమైన పరిష్కారం ఎప్పుడూ మనిషి జ్ఞాపకశక్తిని నమ్ముకోదు. ఎక్కువ గాఢత సీసాల్ని వార్డు దరిదాపుల్లో లేకుండా చేయడం, పది యూనిట్ల మందును ముందే నింపిన సిరంజిల్లో మాత్రమే కొనడం, బార్‌కోడ్ కలవకపోతే డ్రాయర్ నింపనివ్వని ఏర్పాటు చేయడం లాంటివి. వీటికి డబ్బు కావాలి, కొనుగోలు విభాగంతో గొడవపడాలి, కొందరు డాక్టర్ల అలవాట్లు మార్చాలి. అందుకే సర్క్యులర్లు అన్ని పుడతాయి.

ఇండియానాపోలిస్ పాఠం ఆ ఊరి పొలిమేర దాటిందా? పదునాలుగు నెలల తర్వాత, 2007 నవంబర్ 18న, లాస్ ఏంజెలిస్‌లోని సెడార్స్ సైనాయ్ ఆసుపత్రిలో సరిగ్గా ఇదే మళ్లీ జరిగింది. అదే మందు, అవే రెండు గాఢతలు. ఈసారి బాధితుల్లో ఇద్దరు హాలీవుడ్ నటుడు డెన్నిస్ క్వెయిడ్ కవల పిల్లలు, పుట్టి పది రోజులైంది. ఫార్మసీలో టెక్నీషియన్ వేరే సీసాలు తీశారు, రెండో టెక్నీషియన్ సరిచూడాల్సింది చూడలేదు. పిల్లల విభాగం ఫార్మసీలో అందుకున్నవాళ్లూ చూడలేదు, నర్సులూ చూడలేదు. సూది గుచ్చిన చోటునుంచి నెత్తురు ఆగకుండా కారుతుంటే అప్పుడు గుర్తించారు. హెపారిన్‌కు విరుగుడైన ప్రోటమిన్ ఇచ్చారు. పిల్లలు బతికారు. కాలిఫోర్నియా ప్రభుత్వం ఆసుపత్రికి 25 వేల డాలర్ల జరిమానా వేసింది.

అప్పటికి బాక్స్టర్ కంపెనీ ఊరికే కూర్చోలేదు. 2007 ఫిబ్రవరిలోనే ఆసుపత్రులకు హెచ్చరిక లేఖ పంపింది. అక్టోబర్‌లో పదివేల యూనిట్ల సీసాకు కొత్త లేబుల్ తెచ్చింది. రంగు మార్చింది, అక్షరాలు పెద్దవి చేసింది, మూత మీద ఎర్రటి హెచ్చరిక చీటీ పెట్టింది. దాన్ని చించితేనే మూత వస్తుంది. కానీ పాత లేబుల్ సీసాల్ని వెనక్కి పిలిపించలేదు. అవి స్టోరుల్లో అలాగే ఉన్నాయి. క్వెయిడ్ దంపతుల కోపమంతా అక్కడే. 2008 మే నెలలో ఆయన అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు హాజరై ఈ సంగతులే చెప్పాడు. హెచ్చరిక లేఖ ఉత్తరాల కట్టలో ఒకటిగా వచ్చి పోతుంది, సీసా మాత్రం అరలో మిగిలే ఉంటుంది.

ఒకచోట జరిగింది ఇంకోచోట ఎందుకు తెలియడం లేదన్న ప్రశ్న దగ్గరే పొరపాట్లను నమోదు చేసే విషయం మొదలవుతుంది. ప్రాణం పోయినప్పుడు ఎవరూ దాచలేరు. దాచగలిగేది, దాస్తున్నది ప్రాణం పోని పొరపాటు. తప్పు సీసా తీశారు, సిరంజిలోకి ఎక్కించబోతూ చూసుకున్నారు, వెనక్కి పెట్టేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. దాన్ని రాసినవాళ్లు ఉంటే, ఆరుగురు బిడ్డల కథ జరగకముందే ఆ అర గురించి ఎవరికో తెలిసి ఉండేది. అమెరికాలో వాడుకలో ఉన్న ఒక కొలమానం పొరపాట్లకు ఎ నుంచి ఐ దాకా తొమ్మిది అక్షరాలు పెడుతుంది. పొరపాటుకు అవకాశమిచ్చే పరిస్థితి ఉంటే ఎ. పొరపాటు జరిగినా రోగి దాకా వెళ్లకపోతే బి. ప్రాణం పోతే ఐ. ‘బి’లు రాసే అలవాటు ఉన్న ఫార్మసీకి తన అరల గురించి తెలుస్తుంది. ‘ఐ’ మాత్రమే రాసే ఫార్మసీకి తెలిసేది అంత్యక్రియల తర్వాతే.

ఎందుకు రాయరు? భయం వల్ల. ఆ భయం ఉత్తిది కాదు. ఇండియానాపోలిస్ ఘటన జరిగిన అదే 2006లో, ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో ఇంకో పిల్లల ఆసుపత్రి ఫార్మసీలో కీమోథెరపీ మందు తయారవుతోంది. రోగి రెండేళ్ల పాప. మందును ఒక శాతం కూడా లేని పలచటి ఉప్పునీటిలో కలపాలి. టెక్నీషియన్ 23.4 శాతం ఉప్పు ద్రావణంతో తయారుచేసింది. పర్యవేక్షించే ఫార్మసిస్టు చూసి వదిలేశాడు. పాప చనిపోయింది. ఆ ఉదయం ఫార్మసీ కంప్యూటర్లు పనిచేయలేదు, పని పేరుకుపోయింది, మనుషులు తక్కువ. కానీ నేరం ఒక్కడి మీదే నిలిచింది. ఒహాయో ఫార్మసీ బోర్డు ఆ ఫార్మసిస్టు లైసెన్సు రద్దు చేసింది. కోర్టు ఆయనకు 2009లో ఆరు నెలల జైలు వేసింది. ఆ తర్వాత మరో ఆరు నెలలు గృహనిర్బంధం.

ఒకే ఏడాది జరిగిన ఈ రెండు ఘటనల్లోనూ పసిపిల్లలే పోయారు. రెండుచోట్లా మొదటి పొరపాటు ఫార్మసీ టెక్నీషియన్ చేతుల్లోనే జరిగింది. ఒకచోట వ్యవస్థ బోనెక్కింది, ఇంకోచోట ఒక మనిషి. క్లీవ్‌లాండ్ తీర్పు విన్న ఏ ఫార్మసిస్టయినా ఆ రాత్రి తన చేతిలో దొరికిన తప్పు సీసాను గురించి కాగితం మీద పెడతాడా? శిక్ష వల్ల ఒక ఫార్మసిస్టు ఆ వృత్తికి దూరమయ్యాడు. గాఢ ఉప్పు ద్రావణం ఏ ఫార్మసీ అరలో ఉంటే అక్కడే ఉంది. అయితే ఒక మంచి కూడా జరిగిందని చెప్పాలి. పాప తండ్రి పట్టుదల వల్ల ఒహాయో రాష్ట్రం టెక్నీషియన్ల శిక్షణ, అర్హతల మీద 2009లో చట్టం తెచ్చింది. అప్పటిదాకా ఆ రాష్ట్రంలో అలాంటి నిబంధన లేదు. అంటే అసలు కారణాల్లో ఒకటి కోర్టు తీర్పులో కాకుండా ఇక్కడ దొరికింది.

‘నింద లేని వాతావరణం’ అనగానే చాలామంది పెదవి విరుస్తారు. అంటే ఎవరు ఏం చేసినా అడగకూడదా? తాగి డ్యూటీకి వచ్చినవాణ్ణి కూడానా? ఈ అభ్యంతరంలో నిజముంది, కాబట్టే ఆ మాటను ఇప్పుడు కొంత సవరించి న్యాయమైన వాతావరణం అంటున్నారు. డేవిడ్ మార్క్స్ అనే అమెరికా నిపుణుడు ప్రచారంలోకి తెచ్చిన విభజన సులువైనది. చెయ్యి జారడం, కన్ను పొరబడడం ఒక రకం. అలా చేసినవాళ్లను ఓదార్చాలి, అర మార్చాలి. అందరూ చేస్తున్నారు కదా అని అడ్డదారి తొక్కడం రెండో రకం. పొద్దున పెట్టే రెండో సంతకం అలాంటిది. దానికి కూర్చోబెట్టి మాట్లాడాలి, ఆ అడ్డదారి ఎందుకు అవసరమైందో కనుక్కోవాలి. ప్రమాదమని తెలిసీ తెగించడం మూడోది. అక్కడ క్రమశిక్షణ చర్య తప్పదు. ఏది ఏ రకమో తేల్చడానికి బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ చెప్పిన పరీక్ష ఒకటుంది. అదే అనుభవమున్న ఇంకో మనిషిని అదే రాత్రి, అదే అర ముందు, అదే ఒత్తిడిలో నిలబెట్టండి. వాళ్లు కూడా అదే పొరపాటు చేసే అవకాశం ఉందా? ఉందంటే ఈ మనిషిని మార్చి ప్రయోజనం లేదు.

ఒక చిక్కు ఉంది. జరిగిన నష్టాన్ని బట్టి ఈ విభజన చేయకూడదు. పదివేల యూనిట్ల సీసా తీసి సిరంజి ముందు గమనించిన నర్సు, గమనించని నర్సు చేసిన పొరపాటు ఒకటే. ఒకరికి షోకాజ్ నోటీసు, ఇంకొకరికి ఏమీ లేకపోవడం అంటే అదృష్టానికి శిక్ష, బహుమానం పంచినట్టే. చెప్పడం తేలిక, చనిపోయిన బిడ్డ తల్లి ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు పాటించడం చాలా కష్టం. నింద లేకపోవడమంటే నిజం దాచడం కాదు. కుటుంబానికి ఏం జరిగిందో పూర్తిగా చెప్పాలి, పరిహారం ఇవ్వాలి. అది ఆసుపత్రి బాధ్యత, నర్సు జీతంలోంచి కోసేది కాదు.

మన దగ్గరికి వద్దాం. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలోని ఆరోగ్య కేంద్రంలో టీకా వేయించుకున్న పసిపిల్లలకు, జ్వరం వస్తే వేయమని ఇచ్చే పారాసెటమాల్ మాత్రల బదులు నొప్పికి వాడే ట్రమడాల్ మాత్రలు ఇచ్చారు. ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఎంతోమందిని నీలోఫర్ ఆసుపత్రిలో చేర్చారు. ఆ వారమంతా టీవీల్లో నడిచిన ప్రశ్న ఎవరు ఇచ్చారన్నదే. పెద్దవాళ్లకిచ్చే ట్రమడాల్, పసిపిల్లల టీకా బల్ల దగ్గరకు చేరే దారి అసలు ఎందుకు తెరిచి ఉందన్న ప్రశ్న అంత గట్టిగా వినిపించలేదు.

మన దేశంలో మందుల దుష్ఫలితాల్ని నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010 నుంచి ఉంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతుంది. 1800-180-3024 నంబరుకు మామూలు జనం కూడా చెప్పవచ్చు. అయితే సరైన మందు సరైన మోతాదులో వేసినా ఒంటికి పడకపోవడం వేరు, వేయాల్సింది కాక వేరేది వేయడం వేరు. రెండోదాని లెక్క ఆసుపత్రిలోనే మొదలవ్వాలి. ఎన్ఏబీహెచ్ గుర్తింపు కావాలనుకునే ఆసుపత్రి మందుల పొరపాట్లను, తప్పిపోయిన పొరపాట్లను నమోదు చేసి విశ్లేషించాలి. కాబట్టి హైదరాబాద్, విజయవాడ, విశాఖ కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఫారం ఉంటుంది, ఫైలూ ఉంటుంది. నెలకు రెండే ఫారాలు వస్తే మాత్రం మేనేజ్‌మెంట్ సంతోషించకూడదు. వందల పడకల ఆసుపత్రిలో నెలకు రెండే పొరపాట్లు జరగడం అసాధ్యం. రెండే అయ్యాయంటే మిగతావి ఎవరి కడుపులోనో ఉన్నాయి. అమెరికాలో ఇలాంటి నివేదికల్ని కోర్టు వాదనల నుంచి కొంతవరకు కాపాడడానికి 2005లో ప్రత్యేకంగా చట్టం చేశారు. ఇక్కడ రాసేవాళ్లకు అలాంటి గొడుగు లేదు, అది కూడా ఆ మౌనానికి ఒక కారణమే.

మన హెపారిన్‌లోనే ఒక ఉచ్చు ఉంది. ఇక్కడ సాధారణంగా అయిదు మిల్లీలీటర్ల వయల్స్ దొరుకుతాయి. ఒకదాంట్లో మిల్లీలీటరుకు 1,000 యూనిట్లు, సీసా మొత్తానికి 5,000. ఇంకోదాంట్లో మిల్లీలీటరుకు 5,000, మొత్తానికి 25,000. అంటే 5,000 అన్న అంకె రెండింటికీ వర్తిస్తుంది, ఒకచోట సీసా మొత్తానికి, ఇంకోచోట ఒక మిల్లీలీటరుకు. హెపారిన్ తయారీలో పేరున్న గ్లాండ్ ఫార్మా హైదరాబాద్ కంపెనీయే. అంటే ఈ మందు మన ఊరి సరుకు, అయినా ఉచ్చు ఉచ్చే. డయాలసిస్ గదిలో డాక్టరు ‘హెపారిన్ 5000’ అని రాశారనుకోండి. చిన్న సీసాకు అలవాటైన సిస్టర్ మొత్తం సీసా లాగేస్తుంది. ఆ రోజు స్టోరు నుంచి ఇరవై అయిదు వేల సీసా వచ్చి ఉంటే, రోగికి అయిదు రెట్లు వెళ్తుంది.

ఒక ఊహాచిత్రం చూద్దాం. రాత్రి డ్యూటీ సిస్టర్ సిరంజి నింపబోతూ ఆగింది. ఫార్మసీకి ఫోన్ చేసింది.

“సార్, ఈసారి వచ్చిన వయల్ పాతది కాదండీ. ఇరవై అయిదు వేలుంది.”

ఫార్మసిస్టు ఇప్పుడు రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తాడు. “సరే అమ్మా, చూసి వాడండి” అని ఫోన్ పెట్టేస్తాడు. లేదా, “మంచి పని చేశారమ్మా. దాన్ని పక్కన పెట్టండి, వేరేది పంపిస్తాను. ఫారం మీద నాలుగు వాక్యాలు రాయండి, మీ పేరు రాయకపోయినా పర్లేదు” అంటాడు. ఆసుపత్రి వాతావరణం ఎలాంటిదో ఈ రెండు జవాబుల మధ్య తెలిసిపోతుంది. గోడల మీది పోస్టర్లు చెప్పవు. ఆ ఫారంలో ఉండాల్సింది పెద్దగా ఏమీ కాదు. తేదీ, సమయం, మందు పేరు, గాఢత, బ్యాచ్ నంబరు, పొరపాటు ఏ మెట్టులో దొరికింది (డాక్టరు రాతలోనా, ఇండెంట్‌లోనా, ఫార్మసీలోనా, వార్డులోనా), రోగి దాకా వెళ్లిందా, ఎవరు ఎలా గమనించారు. చివరిది చాలామంది వదిలేస్తారు. కానీ పొరపాటును పట్టుకున్నది ఏదో తెలిస్తే, దాన్ని మిగతా వార్డుల్లోనూ పెట్టవచ్చు.

ఫారం రాసిన సిస్టర్‌కు వారంలోగా జవాబు రాకపోతే రెండో ఫారం రాదు. జవాబంటే థాంక్స్ మెసేజ్ కాదు, ఏం మార్చామన్నది. ఇక్కడ మార్చదగ్గవి ఉన్నాయి. డయాలసిస్ గదికి ఒకే గాఢత పంపాలి, రెండోది మెయిన్ స్టోరు దాటకూడదు. కంప్యూటర్ ఇండెంట్‌లో ‘హెపారిన్’ అని కొట్టగానే సీసా మొత్తం యూనిట్లు, మిల్లీలీటరుకు యూనిట్లు రెండూ కనిపించాలి. డాక్టరు రాతలో యూనిట్లతో పాటు మిల్లీలీటర్లూ ఉండాలి. సరఫరాదారు మారితే, అంటే కొనుగోలు విభాగం చౌకగా దొరికిందని వేరే కంపెనీ సీసా తెస్తే, అది వార్డులోకి వెళ్లేముందు ఒక ఫార్మసిస్టు పాత సీసా పక్కన పెట్టి చూడాలి. ఆఖరి పనికి అయిదు నిమిషాలు పడుతుంది, చాలా పొరపాట్లు అక్కడే పుడతాయి.

లేబుల్ మీద అంకె ఎలా రాయాలన్నది ఒక ఆసుపత్రి చేతిలో లేదు. అమెరికాలో ఆ నియమం మారడానికి ఇండియానాపోలిస్ తర్వాత ఆరేళ్లకు పైగా పట్టింది. 2013 మే 1 నుంచి అక్కడ హెపారిన్ సీసా మీద ముందు సీసా మొత్తంలో ఎన్ని యూనిట్లో పెద్దగా రాయాలి, మిల్లీలీటరుకు ఎన్నో ఆ తర్వాతే. మన వార్డుల్లో ఆ అంకె ఎలా ఉందో ఎవరైనా చూడవచ్చు. పరిష్కారాలు అమలయ్యాయో లేదో తెలుసుకోవడానికి కూడా చేయాల్సింది అదే. సర్క్యులర్ మీద ఎంతమంది సంతకం పెట్టారో లెక్కపెట్టకుండా, మూడు నెలల తర్వాత ముందుగా చెప్పకుండా ఒక రాత్రి డయాలసిస్ గదికి వెళ్లి డ్రాయర్ తెరిచి, అందులో ఇరవై అయిదు వేల సీసాలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాలి.